అంకణం నుంచి కౌంటు దాకా



చేపల పులుసు వండిన నాటికంటే మర్నాటికి రుచి అని మన నెల్లూరు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ మర్నాడు గిన్నె మీద మూత తీస్తుండగా, పక్క గదిలోంచి ఎవరో "వాసన వస్తోంది" అన్నారనుకోండి. వండిన ఇల్లాలికి గుండె గుభేలుమంటుంది. పులుసు పాడయిందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటుంది. అన్నవారు బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. వాసన వస్తోందని మాత్రమే అన్నారు. అయినా ఆ మాటకు మంచి అర్థం తీసుకునేవాళ్ళు మన ఇళ్ళలో లేరు. మంచి అర్థం కావాలంటే "కమ్మటి వాసన" అనాలి, లేదా ముందు ఒక "సు" తగిలించి "సువాసన" అనాలి.

ఈ దారిన ఇంతకు ముందే ఒక మాట నడిచి వెళ్ళింది. అది "కంపు". ఇవాళ కంపు అంటే మురుగుకాలవ గుర్తొస్తుంది. ప్రాచీన కవుల భాషలో మాత్రం కంపు అంటే పరిమళం. పూలకు కంపు ఉండేది, చందనానికి కంపు ఉండేది. పెన్న ఒడ్డున నెల్లూరులో తిక్కన సోమయాజి భారతం రాసిన పదమూడవ శతాబ్దపు మనిషి ఎవరైనా ఇప్పుడు మన ఇంటికి వచ్చి, మీరు తలలో పెట్టుకున్న మల్లెపూలను చూసి "మంచి కంపు" అంటే, మనం ఆయనకు మంచినీళ్ళయినా ఇస్తామో లేదో!

మరి ఆ పూల కంపు మురుగు కంపుగా ఎప్పుడు మారింది? ఫలానా సంవత్సరం అని చెప్పడానికి వీలులేదు. ఎవరూ సభ పెట్టి తీర్మానించలేదు. ఎలా మారి ఉంటుందో మాత్రం "వాసన" విషయంలో మన కళ్ళముందే కనిపిస్తున్నది కనుక, దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఇల్లు ఎప్పటిలా ఉన్నప్పుడు ముక్కుకు తగిలేదాన్ని గురించి మనం మాట్లాడం. పాలు విరిగినప్పుడు, చేప నిలవ ఉన్నప్పుడు, వాన నీళ్ళు నిలిచినప్పుడే మాట్లాడతాం. ఆ వేళల్లో నోటితో ఉన్నదున్నట్టు "చెడ్డ వాసన" అనడం కంటే, ఊరికే "వాసన" అనడం మర్యాద అనుకుంటాం. పెద్దవాళ్ళకు ఆ మాటలో రెండు అర్థాలూ తెలుసు. ఇంట్లో పెరిగే పసిపిల్లకు తెలియదు. ఆ పిల్లకు మనం ఏ మాటకూ అర్థం చెప్పి నేర్పం. పదిసార్లు ఆ మాట విని, ఆ పదిసార్లూ అమ్మ ముఖం ఎలా పెట్టిందో చూసి, తనంతట తానే అర్థం కట్టుకుంటుంది. పదిట్లో తొమ్మిదిసార్లు అమ్మ ముక్కు మూసుకుని ఉంటే, వాసన అంటే ముక్కు మూసుకోవలసినదే అనుకుంటుంది. రేపు ఆ పిల్ల తల్లి అయినప్పుడు ఆ పదవసారి కూడా మిగలదు.

తరానికీ తరానికీ మధ్య అర్థం జారిపోయేది ఇక్కడే. అమ్మ మాట బిడ్డకు చేతికి చేతికి అందించే గిన్నె కాదు. బిడ్డ ప్రతిసారీ తన గిన్నె తానే చేసుకుంటుంది, అమ్మ వాడుక చూసి.

మరుగుమాటలు ఇందుకు మంచి ఉదాహరణ. అవి ఎక్కువగా మన ఆడవాళ్ళ నోట పుట్టినవే. ఫలానా కోడలు "నీళ్ళోసుకుంది" అంటే స్నానం చేసిందని ఏ అత్తగారూ అనుకోదు. దీపం "కొండెక్కింది" అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు. పైకి చెప్పకూడదనుకున్న సంగతి మీద ఒక మెత్తని మాట కప్పుతాం. కొన్నేళ్ళకు ఆ సంగతి మాటలోకి ఇంకిపోతుంది. అప్పుడు ఆ మాట కూడా మొరటుగా వినిపించి, దానిమీద ఇంకొక మాట కప్పవలసి వస్తుంది. "కంపు" మీద "వాసన" కప్పాం. ఇప్పుడు "వాసన" కూడా పలచబడుతున్నది కనుక, కొందరు పట్నం వాళ్ళు "స్మెల్ వస్తోంది" అంటున్నారు. వాళ్ళ మనుమలనాటికి ఆ స్మెల్ సంగతి ఏమవుతుందో చూడాలి.

అర్థాలు జారడానికి ఇది ఒక్కటే కారణం కాదు. మాట అలాగే ఉండి, మాట వెనకాల ఉన్న వస్తువు మారిపోతే కూడా అర్థం కదులుతుంది. దీనికి మన జిల్లాలోనే, మనలో ఇంటి స్థలం కొన్నవాళ్ళందరికీ తెలిసిన మాట ఒకటి ఉన్నది. అది "అంకణం".

పూర్వం ఇల్లు కట్టేటప్పుడు గోడ నుంచి గోడకో, స్తంభం నుంచి స్తంభానికో దూలాలు వేసేవారు. ఒక దూలానికీ మరొక దూలానికీ మధ్య ఉన్న ఎడమే అంకణం. మూడంకణాల ఇల్లు, అయిదంకణాల ఇల్లు అనేవారు. ఇది కొలత కాదు, లెక్క. బెత్తెడు అటూ ఇటూ ఉన్నా అంకణం అంకణమే. అయితే దూలాలకూ వాసాలకూ దొరికే కర్ర పొడుగుకు ఒక హద్దు ఉంటుంది కదా. అందుచేత ఒక ఊళ్ళో అన్ని ఇళ్ళ అంకణాలూ ఇంచుమించు ఒకే మాదిరిగా ఉండేవి. ఇల్లు ఎంత పెద్దదంటే ఇన్ని అంకణాలు అని చెబితే సరిపోయేది. అలా చెప్పగా చెప్పగా, ఇంటి భాగానికి పేరుగా ఉన్న మాట ఇంటి విస్తీర్ణానికి పేరయింది. తర్వాత అమ్మకాలూ కొనుగోళ్ళూ పెరిగి, బెత్తెడు తేడాకు కూడా డబ్బు పలకడం మొదలయ్యేసరికి, అంకణం అంటే ఇన్ని చదరపు అడుగులు అని గీత గీయవలసి వచ్చింది. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క చోట గీత గీసుకున్నది. అందుకే ఒకచోట అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఇంకొకచోట 36.

ఇప్పుడు దూలాలు పోయాయి. సిమెంటు స్లాబులు వచ్చాయి. అంకణం అంటే దూలాల మధ్య ఎడం అని ఇవాళ చదువుకునే పిల్లల్లో ఎంతమందికి తెలుసు? కాని ఆ మాట చావలేదు. ఇల్లూ దూలమూ ఏమీ లేని ఖాళీ స్థలంలో, ముళ్ళకంప తప్ప మరేమీ లేని చోట, "పాతిక అంకణాలున్నాయమ్మా" అని బేరం చెబుతారు. ఆ మాట విన్నప్పుడు "ఏ ఊరి అంకణం?" అని మీరు అడగకపోతే, సగం స్థలానికి మొత్తం డబ్బు ఇచ్చి రావచ్చు. పాతిక అంకణాలు 72 లెక్కన 1,800 చదరపు అడుగులు. 36 లెక్కన 900. పత్రం రాయించేటప్పుడు చదరపు గజాలలోనో అడుగులలోనో రాయించమనేది ఇందుకే.

ఇక్కడ ఒక మాట. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కొందరు "అసలు అర్థం ఇదీ, మీరందరూ తప్పుగా వాడుతున్నారు" అని కోప్పడుతుంటారు. అసలు అర్థమే సరైన అర్థమైతే మన వంటింట్లో వేరుశనగ నూనె ఉండడానికి వీల్లేదు. నూనె అంటే నువ్వుల నెయ్యి. ఆ రెండు మాటలూ కలిసే నూనె అయింది. అయినా కొబ్బరి నూనె అన్నందుకు ఎవరినీ ఎవరూ తప్పు పట్టరు. పాత అర్థం తెలుసుకోవడం పాత పుస్తకం చదవడానికి కావాలి. ఇవాళ్టి అర్థం తెలుసుకోవడం ఇవాళ బేరమాడడానికి కావాలి. మంచి నిఘంటువు రెండూ చెప్పాలి, ఏది ఎప్పటిదో కూడా చెప్పాలి.

నిఘంటువు అనగానే అది ఒక న్యాయస్థానం అనీ, అందులో పెద్దలు కూర్చుని ఈ మాటకు ప్రవేశం ఉంది, దీనికి లేదు అని తీర్పు చెబుతారనీ చాలామంది అనుకుంటారు. కాదు. నిఘంటువు చేసేవారి పని సాక్ష్యం పోగు చేయడం. ఫలానా మాటను ఫలానావారు ఫలానా వాక్యంలో వాడారు అని చీటీ రాసి పెట్టుకుంటారు. ఒకప్పుడు నిజంగా కాగితం చీటీలే. ఇప్పుడు కంప్యూటరు వచ్చింది గాని పద్ధతి అదే. చీటీలు పోగయ్యాక, వాటిని ముందు వేసుకుని, ఈ వాక్యాలన్నింటిలోనూ ఈ మాటకు ఏ అర్థం పొసగుతున్నదా అని చూస్తారు. అర్థం వాక్యాలలోంచి వస్తుంది. ఆ పసిపిల్ల చేసే పనినే పెద్దవాళ్ళు కాగితం మీద చేస్తారన్నమాట.

వచ్చిన పేచీ అల్లా ఎవరి సాక్ష్యం చెల్లుతుంది అన్నదే. ఈ విషయంలో తెలుగు నిఘంటువులన్నీ ఒకే దారిని నడవలేదు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. ఆయన కవుల ప్రయోగాలను ఆధారం చేసుకున్నారు. తర్వాత పిఠాపురం రాజావారి పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది, చివరిది 1972లో. ఒక తరం పట్టిన మహాకార్యం అది. అందులోనూ ప్రధానంగా గ్రంథాలలో ఉన్న మాటకే పీట. కావ్యంలో కనిపించిన మాటకు కవి సాక్షి. మరి నీళ్ళోసుకున్న కోడలి గురించి ఇరుగమ్మ పొరుగమ్మతో అన్న మాటకు సాక్షి ఎవరు? అది ఏ కవీ రాయకపోతే లేనట్టేనా?

అంతకు ముందే, 1852లో, సి.పి. బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యాల మాటల పక్కనే జనం మాట్లాడే మాటలనూ చేర్చాడు. కచేరీలలో, బజారులో వాడుకైన హిందుస్తానీ, పారశీక, ఇంగ్లీషు మాటలకు 1854లో వేరే ఒక పుస్తకమే వేశాడు. అన్య దేశాల మాటలను వేరే పంక్తిలో కూర్చోబెట్టాడని మనం నొచ్చుకోవచ్చు గాని, కూర్చోబెట్టాడు కదా!

నా మటుకు నాకు అన్నింటికంటే ఇష్టమైనది తర్వాత జరిగిన పని. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం వేసింది. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు. వీటికి సాక్షులు కవులు కారు. పనివాళ్ళు జిల్లాల వెంట ఊళ్ళకు వెళ్ళి, రైతునీ నేతగాణ్ణీ అడిగి, "దీన్ని మీరేమంటారు?" అని రాసుకున్నారు. ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తు వేశారు. అంకణం లాంటి మాటకు ఈ గుర్తే ప్రాణం. ఏ ప్రాంతమో చెప్పకుండా అర్థం ఒక్కటే ఇస్తే, ఆ నిఘంటువును నమ్ముకున్నవాడు 1,800 అడుగులనుకుని 900 కొంటాడు.

ఇప్పుడు ఒక కొత్త మాటను తీసుకుని, అది నిఘంటువులో చేరదగినదా కాదా అని మనమే తేల్చి చూద్దాం. మన తీరంలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు వైపు వెళితే రొయ్యల గుంటలు కనబడతాయి. ఇవి 1990 తర్వాతి కాలంలో ఊపందుకున్నాయి. వాటితో పాటు మాటలు కూడా వచ్చాయి. అందులో ఒకటి ఇప్పుడు చేపల మార్కెట్టు దాకా వచ్చి, మన చెవిలోనూ పడుతున్నది. రొయ్యలు ఎంత అని అడిగితే, అవతలివాడు ధర చెప్పకుండా "ఏ కౌంటు కావాలమ్మా?" అని మనల్నే అడుగుతాడు.

కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 50 కౌంటు అంటే కిలోకు 50, అంటే ఒక్కొక్కటి 20 గ్రాములు. 100 కౌంటు అంటే ఒక్కొక్కటి 10 గ్రాములే. కనుక కౌంటు పెరిగినకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. ఇది తెలియని ఇల్లాలు "నూరు కౌంటు" అంటే ఘనమైన సరుకు కాబోలనుకుని చీడికాయల్లాంటి రొయ్యలు తెచ్చుకుని, వలిచేసరికి పిడికెడు మిగిలితే బాధపడుతుంది. ఆమె అలా అనుకోవడానికి కారణం కూడా ఉన్నది. ఆమెకు కౌంటు అనే మాట చీరల కొట్టులో తెలుసు. వెంకటగిరి నూలు చీర నూరు కౌంటు అంటే సన్నని నేత, మంచి చీర. అక్కడ అంకె పెరిగితే సరుకు పెరుగుతుంది. ఇక్కడ అంకె పెరిగితే సరుకు తరుగుతుంది. ఒక్క మాట, రెండు కొట్లు, ఎదురెదురు బేరాలు.

సరే, సాక్ష్యం చూద్దాం. మొదట అడగవలసింది, ఈ మాట ఒక్కరి నోటిదా, పదిమందిదా? రైతు అంటాడు, మేత అమ్మేవాడు అంటాడు, కొనుగోలుదారు అంటాడు, పత్రికలో ధరల పట్టికలో కౌంటు వారీగా అచ్చవుతుంది, మార్కెట్టులో చిల్లర వర్తకుడు అంటాడు. ఒకరితో ఒకరికి సంబంధం లేని సాక్షులు. ఒక్క కంపెనీ కరపత్రంలోనే కనిపించి, ఇంకెక్కడా వినిపించని మాటైతే ఈ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. రెండవది, ఎంతకాలంగా? ఒక పంట కాలానికి వచ్చి పోయే మాటలు కొన్ని ఉంటాయి. కౌంటు అలా పోలేదు. తీరంలో మొదట పెంచిన టైగర్ రొయ్యకు 1994, 1995 ప్రాంతంలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి రైతులు దెబ్బతిన్నారు. 2009లో వేరే రకం రొయ్యకు అనుమతి వచ్చింది. రొయ్య మారినా కౌంటు మారలేదు. ఒక తరం దాటింది.

మూడవ ప్రశ్నే అసలైనది. ఇది ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాయడమేనా, లేక తెలుగులో దీనికి సొంత బతుకు ఏర్పడిందా? అది తెలుసుకోవడానికి వాక్యాలను వినాలి. "కౌంటు తగ్గింది" అని రొయ్యల రైతు అన్నప్పుడు అతని ముఖం చూడండి, సంతోషంగా ఉంటుంది. రొయ్య ఎదిగిందని దాని అర్థం. లెక్కపెట్టడం అనే ఇంగ్లీషు అర్థంతో ఈ వాక్యాన్ని విప్పితే, రొయ్యలు తక్కువయ్యాయి, చచ్చిపోయాయి కాబోలు అని పరామర్శకు వెళతాం. "ముప్పై కౌంటుకు పట్టారు" అంటారు, అంటే ఆ సైజుకు వచ్చాక గుంటలోంచి తీశారని. మాట మన విభక్తులు తగిలించుకుని, మన క్రియలతో కాపురం చేస్తున్నది. ఇంగ్లీషు నిఘంటువు తిరగేసినంత మాత్రాన ఈ వాక్యం అర్థం కాదు. తెలుగు నిఘంటువు చెప్పవలసినది అంటూ ఒకటి ఏర్పడిందంటే, ఆ మాట చేరదగినదే.

చేర్చాక ఇంకొక చిక్కు. చీర కౌంటూ రొయ్య కౌంటూ ఒక అర్థమా, రెండా? నూలు కౌంటు అంటే, ఒక పౌను బరువు తూగడానికి 840 గజాల నూలు చుట్టలు ఎన్ని కావాలో ఆ సంఖ్య. దారం సన్నబడినకొద్దీ అదే బరువుకు ఎక్కువ చుట్టలు పడతాయి. రొయ్య చిన్నదైనకొద్దీ అదే బరువుకు ఎక్కువ రొయ్యలు పడతాయి. చూశారా, లోపల లెక్క ఒక్కటే! నిర్ణీతమైన బరువుకు ఎన్ని అన్నదే రెండుచోట్లా. మనకు సన్నని దారం మీద మోజు, లావు రొయ్య మీద మోజు, అంతే. ఎదురెదురుగా ఉన్నది మన కోరిక గాని మాట కాదు. అయినా నేనైతే రెండు అంకెలు వేసి రెండు అర్థాలుగానే ఇస్తాను. ఎందుకంటే ఒకటి తెలిసినంత మాత్రాన రెండవది తెలియదు. నూరు కౌంటు రొయ్యలు తెచ్చుకున్న ఇల్లాలే అందుకు సాక్షి.

ఇలాగే మన స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో మార్చుకునే ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె సంగతి కూడా ఆలోచించండి. ఉద్యోగమూ తెలుసు, రొట్టే తెలుసు. కాని కోరిక తీరినవారు రొట్టె ఇవ్వాలనీ, కోరిక ఉన్నవారు పుచ్చుకోవాలనీ ఆ రెండు మాటలు కలిపినంత మాత్రాన తెలియదు. కలిపితే తెలియనిది ఏదైనా మిగిలితే నిఘంటువు దానికి చోటివ్వాలి, రొట్టె కిందనే అయినా సరే. చేపల గిన్నె, పెరుగు గిన్నె లాంటివాటికి అక్కరలేదు. అవి కలిపితే తెలిసిపోయేవి.

సాక్ష్యం చూడకుండా చేరిస్తే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి తేలింది. 1934లో వచ్చిన వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో "డార్డ్" అనే మాట అచ్చయింది, సాంద్రత అని అర్థంతో సహా. అలాంటి మాట ఎవరూ ఎన్నడూ అనలేదు. "డి" అనే అక్షరాన్ని పెద్దదిగా గాని చిన్నదిగా గాని సాంద్రతకు పొట్టిపేరుగా వాడవచ్చునని రాసిన చీటీని, ఎవరో ఒకే మాటగా కలిపి చదివారు. 1939లో ఒక సంపాదకుడు చూసి, ఈ మాటకు పుట్టుక వివరం లేదేమిటని ఆరా తీస్తే బయటపడింది. వాడుక వాక్యం ఒక్కటి చూపించండి అని మొదట్లోనే అడిగి ఉంటే ఆ మాట పుట్టేదే కాదు. అదే పద్ధతి మరొక వైపు మేలు కూడా చేస్తుంది. మనం రోజుకు పదిసార్లు అనే "అయ్యో" 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో చేరింది. ఇంగ్లీషు వాక్యాల మధ్య ఆ మాటను రాసినవారు చాలినంతమంది దొరికారు కాబట్టి.

దొరికారు కాబట్టి అన్నాను. అక్కడే ఉంది మన ఆడవాళ్ళ మాటలకు వచ్చిన తంటా. కౌంటుకు ధరల పట్టిక ఉంది, పత్రిక ఉంది, ఎగుమతి ఉంది. దానికి సాక్షులు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. చేప కడగడంలో, ఉప్పు పట్టించడంలో, ఎండబెట్టడంలో తీరం వెంట మన అక్కచెల్లెళ్ళు అనే మాటలకు పట్టిక లేదు. పులుసు ఏ పదునులో దించాలో మన అత్తగార్లు చెప్పే మాటలూ అంతే. డబ్బున్న మాట నాలుగేళ్ళలో అచ్చెక్కుతుంది. వంటింటి మాట నాలుగు వందల ఏళ్ళు బతికి అచ్చెక్కకుండానే పోగలదు.

అలాంటి మాట ఏదైనా మీ ఇంట్లో ఉండి, రాసిపెట్టాలనుకుంటే, ఊరికే మాటా దాని అర్థమూ రాస్తే నిఘంటువు చేసేవారికి ఉపయోగం తక్కువ. అర్థం మీరు ఊహించినదై ఉండవచ్చు. ఆమె అన్న వాక్యాన్ని అన్నట్టుగానే రాయండి, సరిదిద్దకుండా. ఏ ఊరి ఆమె, ఇప్పుడు ఎన్నేళ్ళు, ఏ పని చేస్తూ అన్నది, మీరు విన్న తేదీ. వీలైతే అదే మాట ఆమెకు బంధువు కాని ఇంకొకామె నోట, వేరే ఊళ్ళో విన్నప్పుడు రెండో చీటీ. ఆ రెండో చీటీ విలువ మొదటిదానికంటే ఎక్కువ. ఒక ఇంటి ముద్దుమాట కాదని చెప్పేది అదే.

చివరిగా, తీరంలో ఇప్పుడు పెంచుతున్న ఆ కొత్త రొయ్య పేరు సంగతి. శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో రెండవ ముక్క అది. వాన్ నేమ్ అనే అమెరికా జంతుశాస్త్రజ్ఞుడి ఇంటిపేరు మీదుగా వచ్చింది. ఆ దొర ఇంటిపేరు ఇప్పుడు మన గుంట గట్ల మీద, పేరు ఎవరిదో తెలియకుండానే, రోజూ పలుకుతున్నారు. కొందరు వెనామీ అంటారు, కొందరు వనామీ, ఇంకొందరు వెన్నామి. పత్రికలు కూడా ఒకచోట ఒకలాగా, మరొకచోట మరొకలాగా అచ్చు వేస్తున్నాయి. ఏది ఒప్పు అని లాటిన్ పుస్తకాన్ని అడిగి లాభం లేదు. చీటీలన్నీ పరిచి, ఏ రూపం ఎక్కువమంది, ఎక్కువ ఊళ్ళలో వాడారో చూసి, దానికి పద్దు ఇస్తారు. మిగిలిన రెండింటి దగ్గరా "చూ." అని రాసి, దాని దగ్గరికి దారి చూపిస్తారు. మీ చేపల మార్కెట్టులో ఏమంటున్నారో ఈసారి వెళ్ళినప్పుడు వినండి.